సన్‌రైజర్స్ ఎనిమిది సీజన్లు, ఒక బంప్ చార్ట్: అడ్డంగా సాగిన గీత ఏం దాచింది

పత్రికలో గ్రాఫిక్స్ డెస్క్‌కు స్పోర్ట్స్ పేజీవాళ్లు ఇచ్చిన పని చూడటానికి చిన్నదే. 2018 నుంచి 2025 దాకా ఐపీఎల్ లీగ్ దశ ముగిసేసరికి సన్‌రైజర్స్ హైదరాబాద్ ఏ స్థానంలో నిలిచింది, మిగతా జట్ల మధ్య ఎలా లేచింది, ఎలా పడింది అన్నది ఒక్క బొమ్మలో కనిపించాలి. పేపర్లో సగం పేజీ వెడల్పు ఇస్తారు, అదే బొమ్మ ఫోన్‌లోనూ చదవగలిగేలా ఉండాలి. ఇలాంటి పనికి ఎవరికైనా మొదట తట్టేది బంప్ చార్టే. అడ్డంగా సీజన్లు, నిలువుగా స్థానాలు, ఒకటో స్థానం పైన. జట్టుకో గీత. రెండు గీతలు దాటుకున్న చోట ఒక జట్టు రెండోదాన్ని మించిపోయిందని అర్థం.

2018 నుంచే ఎందుకంటే, రెండేళ్ల సస్పెన్షన్ ముగించుకుని చెన్నై, రాజస్థాన్ తిరిగొచ్చిన సీజన్ అదే. అక్కడి నుంచి 2021 దాకా అవే ఎనిమిది జట్లు ఆడాయి. 2022లో గుజరాత్, లక్నో చేరాయి. జట్లు పెరిగినా ఒక్కో జట్టుకు లీగ్ మ్యాచ్‌లు మాత్రం ఎనిమిది సీజన్లలోనూ పద్నాలుగే. ఇది పనికొచ్చే సంగతి. ఎందుకన్నది కాసేపట్లో తెలుస్తుంది.

ఏ స్థానం తీసుకోవాలన్నది మొదటి నిర్ణయం. కప్పు ఎవరు గెలిచారన్నది చూస్తే నాలుగు జట్లకే చివరి వరస ఉంటుంది, ప్లేఆఫ్స్‌కు రాని జట్లకు లీగ్ పట్టికలోని స్థానమే ఆఖరిది. రెండూ కలిపి ఒకే గీత గీస్తే పై నాలుగు ఒక కొలత, కింది ఆరు మరో కొలత అవుతాయి. అందుకని లీగ్ పట్టికనే తీసుకుని, ఆ ఏడాది ఛాంపియన్ చుక్క చుట్టూ ఒక నల్ల వలయం పెట్టాను. అలా పెట్టాక ఒక విషయం దానంతటదే బయటపడింది. ఈ ఎనిమిది వలయాలూ పై రెండు వరసల్లోనే ఉన్నాయి, ఒక్కటీ కిందికి జారలేదు. 2016లో మూడో స్థానం నుంచి వచ్చి కప్పు ఎత్తుకెళ్లింది సన్‌రైజర్సే. ఆ తర్వాత 2025 దాకా అలాంటిది జరగలేదు.

పేర్ల సంగతి ముందే సరిచూసుకోవాలి. 2018లో చిట్టచివర ఉన్నది ఢిల్లీ డేర్‌డెవిల్స్, 2019లో మూడో స్థానంలో ఉన్నది ఢిల్లీ క్యాపిటల్స్. రెండూ ఒకే ఫ్రాంచైజీ, మారింది పేరే. కింగ్స్ ఎలెవన్ పంజాబ్ 2021 నుంచి పంజాబ్ కింగ్స్ అయింది. పట్టికలను ఉన్నవి ఉన్నట్టు కలిపేస్తే సాఫ్ట్‌వేర్ వీటిని వేర్వేరు జట్లు అనుకుంటుంది. గీత ఒకచోట తెగి, పక్కనే కొత్తది మొదలవుతుంది. 2022లో నిజంగానే రెండు కొత్త గీతలు మొదలవుతాయి కాబట్టి, ఈ తెగింపు చూసేవాళ్లకు అనుమానం కూడా రాదు.

అంకెలు ఎక్కించాక చేసే తనిఖీ ఒకటుంది. ఎనిమిది జట్ల సీజన్‌లో స్థానాలన్నీ కూడితే 36 రావాలి, పది జట్ల సీజన్‌లో 55 రావాలి. ఒకే స్థానం రెండు జట్లకు పడినా, ఒకటి వదిలేసినా ఇక్కడే దొరికిపోతుంది. రెండు జట్లు తారుమారైతే మాత్రం మొత్తం మారదు, ఆ తప్పు దాటిపోతుంది. అలా తారుమారయ్యేది ఎక్కువగా పాయింట్లు సమానమైన చోటే. కాబట్టి అక్కడ నెట్ రన్‌రేట్ పక్కన పెట్టుకుని కళ్లతో చూడాల్సిందే. ఉదాహరణకు 2018లో సన్‌రైజర్స్‌కూ చెన్నైకీ పద్దెనిమిదేసి పాయింట్లు. సన్‌రైజర్స్ రన్‌రేట్ +0.284, చెన్నైది +0.253. ఒకటో స్థానం మనకు వచ్చింది ఆ కాస్త తేడాతోనే. కప్పు చెన్నైకి పోయిందనుకోండి, అది వేరే కథ.

ఇక గీయడం. ఇందుకు పెద్ద లైబ్రరీలేం అక్కర్లేదు, మ్యాట్‌ప్లాట్‌లిబ్ చాలు. చుక్కలు, పేర్లు వదిలేసి నాలుగు జట్లతో కుదించిన రూపం ఇదీ:

```python
import numpy as np
import matplotlib.pyplot as plt

seasons = list(range(2018, 2026))
rank = {
    "SRH": [1, 4, 3, 8, 8, 10, 2, 6],
    "CSK": [2, 2, 7, 2, 9, 2, 5, 10],
    "MI":  [5, 1, 1, 5, 10, 4, 10, 4],
    "GT":  [None] * 4 + [1, 1, 8, 3],
}
t = np.linspace(0, 1, 40)
s = t * t * (3 - 2 * t)

fig, ax = plt.subplots(figsize=(9, 6))
for team, r in rank.items():
    hot = team == "SRH"
    for i in range(len(seasons) - 1):
        a, b = r[i], r[i + 1]
        if a is None or b is None:
            continue
        ax.plot(seasons[i] + t, a + (b - a) * s,
                color="darkorange" if hot else "0.75",
                lw=4 if hot else 1.5, zorder=3 if hot else 1)
ax.invert_yaxis()
plt.show()
```

ఇందులో `s` అన్న వరస గీతను వంపు తిప్పుతుంది. చుక్క దగ్గర గీత అడ్డంగా బయల్దేరి, మధ్యలో వాలి, మళ్లీ అడ్డంగా వచ్చి తర్వాతి చుక్కలో కలుస్తుంది. అందం కోసమే కాదు ఇది. పక్కపక్క చుక్కల దగ్గరకు ఏటవాలుగా వచ్చే రెండు మూడు తిన్నని గీతల్లో ఏది ఎటు పోయిందో కన్ను తప్పిపోతుంది, వంపు గీతల్లో ఆ ఇబ్బంది తక్కువ. పైగా రెండు సీజన్ల మధ్య ఏ స్థానమూ ఉండదు. తిన్నని గీత గీస్తే మధ్యలో కూడా ఏదో కొలిచినట్టు అనిపిస్తుంది. `None` ఉన్నచోట గీత అసలు మొదలుకాదు. కొత్త జట్టును 2021లో పదో స్థానం నుంచో, బొమ్మ అడుగు నుంచో పైకి లాక్కొచ్చి చూపించేవాళ్లు ఉన్నారు. అది లేని చరిత్రను గీయడమే. గుజరాత్ 2022లో ఒకటో స్థానంలో ఒక చుక్కగా పుడుతుంది, అంతే.

పది జట్లతో మొదటి ప్రింటు తీస్తే గిన్నెలో సేమ్యాలా వచ్చింది. ఇలాంటప్పుడు జట్ల వరస మార్చి చూద్దాం, రంగులు మార్చి చూద్దాం అంటారు. రంగులు మార్చుకోవచ్చు గానీ, బంప్ చార్ట్‌లో వరస మార్చడానికి మన చేతిలో ఏమీ లేదు. ప్రతి చుక్క ఎక్కడుండాలో అంకె ముందే నిర్ణయించేసింది. కాబట్టి రెండు సీజన్ల మధ్య ఎన్ని దాటుకోవడాలు ఉంటాయన్నది గీయకముందే లెక్కపెట్టేయొచ్చు. ఏ రెండు జట్లనైనా తీసుకోండి. నిరుడు పైనున్నది ఈ ఏడు కిందికి వస్తే ఒక దాటు. ఎనిమిది జట్లలో జతలు 28, పది జట్లలో 45. దాటులు జతల్లో సగానికి దగ్గరగా వస్తే నిరుటి పట్టిక ఈ ఏటి పట్టిక గురించి ఏమీ చెప్పనట్టే, చీట్లు వేసి స్థానాలు పంచినా అంతే వస్తుంది.

2019 నుంచి 2020కి 28లో 8 దాటులే. ఆ రెండు సీజన్ల మధ్య ముక్క చూస్తే హాయిగా ఉంటుంది. చెన్నై రెండు నుంచి ఏడుకు పడిపోవడం, బెంగళూరు ఎనిమిది నుంచి నాలుగుకు ఎక్కడం, ఇవే పెద్ద కదలికలు. 2023 నుంచి 2024కి 45లో 29. 2024 నుంచి 2025కి ఏకంగా 31. సగం దాటిందంటే పట్టిక కలగాపులగం కావడం కూడా కాదు, తలకిందులవుతున్నట్టు. నిజంగా జరిగిందీ అదే. 2024లో మొదటి మూడు స్థానాల్లో ఉన్న కోల్‌కతా, సన్‌రైజర్స్, రాజస్థాన్ మరుసటి ఏడాది 8, 6, 9 స్థానాలకు దిగాయి. ఆఖరి మూడు స్థానాల్లో ఉన్న గుజరాత్, పంజాబ్, ముంబయి 3, 1, 4కి ఎక్కాయి. ఆ రెండు సీజన్ల మధ్య మెగా వేలం జరిగింది కాబట్టి అలా అయిందని చెప్పేయబుద్ధవుతుంది. కానీ 2023, 2024 మధ్య జరిగింది మినీ వేలమే, అక్కడా 29 వచ్చాయి. అందుకని ఆ వాక్యాన్ని క్యాప్షన్‌లో పెట్టనివ్వలేదు.

ఈ లెక్క వల్ల తేలిందేమిటంటే, చిక్కు గీసిన తీరులో లేదు, లీగ్‌లోనే ఉంది. పది గీతలనూ పాఠకుడు వెంబడించాలని ఆశపడకూడదు. తొమ్మిదింటిని లేత బూడిద రంగులోకి నెట్టి, సన్‌రైజర్స్‌ను మాత్రం నారింజలో మందంగా ఉంచాను. జెర్సీ రంగులన్నీ వాడదామని స్పోర్ట్స్ డెస్క్ కోరిక. బెంగళూరు, పంజాబ్ రెండూ ఎరుపు. ముంబయి, ఢిల్లీ రెండూ నీలం. చెన్నై పసుపు తెల్ల కాగితం మీద ఆనదు. ఆ మాట చెప్పాక ఊరుకున్నారు. పక్కన రంగుల సూచిక పెట్టకుండా ప్రతి గీతకూ రెండు చివర్లా జట్టు పేరే రాశాను.

అప్పటికి బొమ్మ చూడటానికి బాగుంది. స్పోర్ట్స్ డెస్క్‌లో కొత్తగా చేరిన కుర్రాడికి చూపించి, ఏమర్థమైందో చెప్పమన్నాను. వేలు 2021 మీద పెట్టి పక్కకు జరిపాడు. "2021లో ఎనిమిది, 2022లోనూ ఎనిమిదే కదన్నా. రెండేళ్లూ ఒకేలా ఆడారన్నమాట. తర్వాతి ఏడాది ఇంకా అడుగుకి పోయారు."

గీత చెప్పింది చెప్పినట్టే చదివాడు. గీతే సరిగా చెప్పలేదు. 2021లో సన్‌రైజర్స్ గెలిచింది మూడు మ్యాచ్‌లు, వచ్చినవి 6 పాయింట్లు. ఎనిమిది జట్లలో ఎనిమిదో స్థానం, అంటే ఆఖరు. 2022లో ఆరు గెలిచి 12 పాయింట్లు తెచ్చుకుంది. పది జట్లలో ఎనిమిదో స్థానం, కింద ఇంకో రెండు జట్లు, అవి చెన్నై, ముంబయి. పాయింట్లు రెట్టింపైతే గీత మాత్రం అడ్డంగా, ఏమీ జరగనట్టు సాగిపోయింది. 2023లో నాలుగు గెలిచి 8 పాయింట్లతో పదో స్థానం. బొమ్మలో అన్నిటికంటే లోతైన చుక్క అదే. పాయింట్ల లెక్కన చూస్తే 2021 అంతకంటే అధ్వానం. అన్ని సీజన్లలోనూ మ్యాచ్‌లు పద్నాలుగే కాబట్టి ఈ పోలికకు అడ్డేమీ లేదు.

ఇక్కడ రెండు వేర్వేరు జబ్బులున్నాయి, మందులు కూడా వేరు. ఒకటి, జట్ల సంఖ్య మారడం. స్థానాన్ని జట్ల సంఖ్యతో సర్దేయొచ్చు: ఒకటోది 0, ఆఖరుది 1 అనుకుని మధ్యవాటిని సమానంగా పంచడం. అప్పుడు 2021లోని ఎనిమిది అడుగునే ఉంటుంది, 2022లోని ఎనిమిది 0.78 దగ్గరికి లేస్తుంది. లెక్క సబబే, కానీ నేను వాడలేదు. ఐపీఎల్ చూసేవాళ్లకు ప్రాణం నాలుగో స్థానం మీద ఉంటుంది. ప్లేఆఫ్స్ గీత అదే. ఈ సర్దుబాటులో నాలుగో స్థానం ఎనిమిది జట్లప్పుడు 0.43 దగ్గర, పది జట్లప్పుడు 0.33 దగ్గర పడుతుంది. ఏమీ మారని గీతను మనమే కదిపినట్టవుతుంది. దానికి బదులు 2018 నుంచి 2021 దాకా ఎనిమిదో వరస కింద ఉన్న చోటంతా ఏటవాలు గీతలతో నింపేశాను. అక్కడ స్థానాలే లేవని చూడగానే తెలుస్తుంది. నేల 2022లో రెండు మెట్లు కిందికి దిగినట్టు కనిపిస్తుంది. 2021 చుక్క నేలను ఆనుకుని ఉంటుంది, 2022 చుక్క నేల నుంచి లేచి ఉంటుంది. ఈసారి ఆ కుర్రాడు 2021నే ఆఖరు స్థానమన్నాడు, అడక్కుండానే.

రెండోది ఇంకా మొండిది, ఏ బంప్ చార్ట్‌కూ తప్పనిది. రెండు స్థానాల మధ్య ఎడం ఎంతైనా మెట్టు ఎత్తు ఒకటే. 2019లో మూడో స్థానంలో ఢిల్లీకి 18 పాయింట్లు, నాలుగో స్థానంలో సన్‌రైజర్స్‌కు 12. మూడు గెలుపుల దూరం, బొమ్మలో ఒక్క మెట్టు. అదే సన్‌రైజర్స్ నుంచి ఆరో స్థానంలోని పంజాబ్ దాకా రెండు మెట్లు, పాయింట్ల తేడా సున్నా. నాలుగు, ఐదు, ఆరు మూడింటికీ పన్నెండేసి. +0.577 రన్‌రేట్ ఉండబట్టి సన్‌రైజర్స్ ముందుకెళ్లింది. పన్నెండు పాయింట్లతో ప్లేఆఫ్స్‌కు చేరిన మొదటి జట్టు అదే.

2020 మరీ విచిత్రం. ఎనిమిది జట్లకు కలిపి ఉన్నవి నాలుగే అంతస్తులు. ముంబయి 18, ఢిల్లీ 16, తర్వాత మూడు జట్లు 14, ఆఖరి మూడు జట్లు 12. మూడో స్థానంలో ఉన్న సన్‌రైజర్స్‌కూ ఆఖరున ఉన్న రాజస్థాన్‌కూ మధ్య తేడా ఒక్క గెలుపు. బొమ్మలో ఐదు మెట్లు. చెన్నైకి ఘోరమైన పతనంలా కనిపించే ఆ ఏడో స్థానం, నాలుగో స్థానానికి ఒక్క మ్యాచ్ దూరం.

దీనికి కొందరు చుక్క సైజు పాయింట్లను బట్టి పెంచుతారు, కొందరు గీత మందం మారుస్తారు. ఫోన్ తెర మీద 12కీ 14కీ తేడా ఆ రెంటిలోనూ తెలియదు, సన్న గీతలు మాయమే అవుతాయి. నేను చేసింది చాలా మొరటు పని. ఒక సీజన్‌లో పాయింట్లు సమానమైన జట్ల చుక్కలన్నిటి వెనకా ఒక లేత నిలువు పట్టీ వేశాను, చుక్కలు ఒకే దారానికి గుచ్చినట్టు. 2020లో మూడు నుంచి ఐదు దాకా ఒక పట్టీ, ఆరు నుంచి ఎనిమిది దాకా మరొకటి. 2024లో నాలుగు నుంచి ఏడు దాకా ఒకే పొడుగు పట్టీ, నాలుగు జట్లకూ పద్నాలుగేసి. ఆ పట్టీ లోపల పైకీ కిందికీ ఉన్న తేడా రన్‌రేట్‌దే తప్ప గెలుపుది కాదని కింద ఒక్క ముక్క రాశాను. సన్‌రైజర్స్ చుక్కల్లో స్థానం అంకె, దాని కింద చిన్నగా పాయింట్లు: 18, 12, 14, 6, 12, 8, 17, 13. పాయింట్లు ఆ ఒక్క గీతకే. పది జట్లకూ రాస్తే అది బొమ్మ కాదు, మళ్లీ పట్టికే.

పట్టీలు పెట్టినా ఢిల్లీకీ సన్‌రైజర్స్‌కూ మధ్య ఉన్న ఆరు పాయింట్ల అగాధం మాత్రం కనబడదు. సమానత్వాన్ని పట్టీ చూపిస్తుంది, దూరాన్ని చూపించలేదు. దూరమే ముఖ్యమైన కథ అయితే నిలువుగా స్థానాల బదులు పాయింట్లే పెట్టి మామూలు లైన్ చార్ట్ గీయాలి. అప్పుడు పాయింట్లు సమానమైన జట్లు ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి, 2020 అయితే నాలుగు చుక్కలే కనిపిస్తాయి. ఎవరు ఎవరికంటే పైన అన్నది పోతుంది. రెండూ ఒకే బొమ్మలో ఇమిడ్చే ఉపాయం ఉందేమో గానీ, సగం పేజీలో చదవగలిగేలా చేసినవాళ్లను నేను చూడలేదు. స్పోర్ట్స్ పేజీ అడిగింది ఎవరు పైన, ఎవరు కింద అన్నదే కాబట్టి బంప్ చార్ట్‌కే కట్టుబడ్డాం.

బొమ్మ వచ్చాక పాఠకులు ఎక్కువమంది అడిగింది 2008 నుంచి ఎందుకు పెట్టలేదని. హైదరాబాద్ గీత పూర్తిగా చూడాలని వాళ్ల కోరిక. అది న్యాయమైనదే, ఎందుకంటే డెక్కన్ చార్జర్స్ గీత చూడముచ్చటైనది. 2008లో ఎనిమిది జట్లలో ఆఖరు, 2009లో నాలుగో స్థానం నుంచి కప్పు, 2010లో రెండు, ఆపైన ఏడు, ఎనిమిది. తర్వాతి ఏడాది సన్‌రైజర్స్ నాలుగు. ఒక్క సీజన్ కూడా ఖాళీ లేదు, కలిపేస్తే పద్దెనిమిదేళ్ల గీత చక్కగా వస్తుంది. కానీ ఢిల్లీ విషయంలో ఫ్రాంచైజీని చూసి కలిపినవాళ్లం, ఇక్కడ ఊరిని చూసి కలిపితే రెండు నాలుకల పని. డెక్కన్ చార్జర్స్ ఒప్పందం 2012లో రద్దయింది, ఆ తర్వాత కొత్తగా బిడ్ పిలిస్తే సన్ టీవీ గెలుచుకుంది. సన్‌రైజర్స్ వేరే జట్టు.

అందుకని 2008 నుంచి గీసిన పెద్ద బొమ్మలో డెక్కన్ గీతను 2012 దగ్గర అడ్డగీతతో ఆపేశాను, సన్‌రైజర్స్‌ది 2013లో కొత్త చుక్కతో మొదలవుతుంది. డెక్కన్‌కు నీలం, సన్‌రైజర్స్‌కు నారింజ, మిగతావన్నీ బూడిద. రెండు రంగులూ ఒకే ఊరివని పేర్ల పక్కన "హైదరాబాద్" అని రాశాం. 2016, 2017 దగ్గర చెన్నై, రాజస్థాన్ గీతలు తెగి ఉంటాయి. ఆ ఖాళీని చుక్కల గీతతో కూడా కలపలేదు, ఆ రెండేళ్లు వాళ్లకు ఏ స్థానమూ లేదు.